‘సరికానిది ఏది?’ అన్న చోట మెదడు చేసే లెక్క

పఠనావగాహన బిట్లలో మార్కులు రెండు దారుల్లో పోతాయి. గద్యభాగం అర్థంకాక పోయేవి కొన్ని. గద్యం అర్థమై, జవాబు తెలిసి, ప్రశ్న చివరనున్న ‘కానిది’ కంటికి ఆనక పోయేవి మరికొన్ని. మొదటి రకానికి మందు చదువు. రెండో రకానికి అందరూ చెప్పే మందు ‘జాగ్రత్తగా చదవండి’ అన్నది. అది నిజానికి మందు కాదు. ఎందుకంటే ఇక్కడ జరిగేది అజాగ్రత్త ఒక్కటే కాదు. వ్యతిరేక వాక్యాన్ని మనసు అర్థం చేసుకునే తీరులోనే ఈ పొరపాటుకు చోటుంది. ఆ తీరు తెలిస్తే పొరపాటు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది, అక్కడ అడ్డు పెట్టుకోవచ్చు.

బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1959లోనూ 1961లోనూ ప్రచురించిన ప్రయోగాలతో ఈ విషయం మీద శాస్త్రీయ పరిశీలన ఊపందుకుంది. ఆయన జనానికి చిన్న చిన్న వాక్యాలు ఇచ్చి, అవి నిజమో అబద్ధమో చెప్పమన్నాడు. ‘ఇరవై నాలుగు సరిసంఖ్య’ లాంటి సాదా వాక్యాల కన్నా ‘ఇరవై నాలుగు సరిసంఖ్య కాదు’ లాంటి వాటికి ఎక్కువ సమయం పట్టింది, తప్పులూ ఎక్కువగానే వచ్చాయి. ఇది ఎవరైనా ఊహించేదే. ఆసక్తికరమైన విషయం ఇంకొకటి ఉంది. వ్యతిరేక వాక్యాల్లో కూడా అబద్ధమైన దానికన్నా నిజమైన దానికే ఎక్కువ సమయం పట్టింది. అంటే ‘ఇరవై నాలుగు సరిసంఖ్య కాదు’ అన్న అబద్ధాన్ని పట్టుకోవడం కన్నా ‘ఇరవై ఐదు సరిసంఖ్య కాదు’ అన్న నిజాన్ని ఒప్పుకోవడం కష్టం.

ఎందుకలా జరుగుతుందో 1972లో హెర్బర్ట్ క్లార్క్, విలియం చేజ్ విడమరిచి చూపించారు. వాళ్ల ప్రయోగంలో నక్షత్రం గుర్తు, ప్లస్ గుర్తు ఒకదానిపైన ఒకటి ఉన్న బొమ్మ ఉంటుంది. పక్కన ‘నక్షత్రం ప్లస్ పైన లేదు’ వంటి వాక్యం ఉంటుంది. వాళ్ల వివరణ ప్రకారం మనసు ముందుగా లోపలి వాక్యాన్ని, అంటే ‘నక్షత్రం ప్లస్ పైన ఉంది’ అన్నదాన్ని, బొమ్మతో పోల్చుకుంటుంది. సరిపోలకపోతే, ‘నిజం’ అనుకుని మొదలుపెట్టిన జవాబును ఒకసారి తిప్పుతుంది. ఆ తర్వాత బయట ఉన్న ‘లేదు’ను లెక్కలోకి తీసుకుని మరోసారి తిప్పుతుంది. నిజమైన వ్యతిరేక వాక్యంలో ఈ తిప్పడం రెండుసార్లు జరగాలి. అందుకే అది అన్నిటికన్నా నెమ్మది. అలా తిప్పేటప్పుడు ఒకటి మరచిపోతే జవాబు తలకిందులవుతుంది.

ఇప్పుడు పరీక్ష హాల్లోకి రండి. ‘ఈ క్రింది వాటిలో సరికానిది ఏది?’ అని ప్రశ్న. దాని కింద నాలుగు ఆప్షన్లు, వాటిలో రెండు మూడు ‘లేదు’తోనో ‘కాదు’తోనో ముగుస్తాయి. ఆప్షన్ లోపలి మాటను గద్యంతో పోల్చాలి, ఆప్షన్‌లోని వ్యతిరేకానికి ఒకసారి తిప్పాలి, ప్రశ్నలోని వ్యతిరేకానికి మళ్లీ తిప్పాలి. ఆప్షన్‌లో రెండు వ్యతిరేకాలుంటే ఇంకోసారి. ఇవన్నీ ఒకేసారి తలలో నడపబోతే ఏదో ఒకటి జారుతుంది. మనిషి తెలివికీ ఈ జారడానికీ పెద్దగా సంబంధం లేదు.

తెలుగులో మరో చిక్కు కూడా ఉంది. మన వాక్యంలో వ్యతిరేకం సాధారణంగా చివర వస్తుంది, అదీ క్రియకు అంటుకుపోయి వస్తుంది. ‘చేసిన’కూ ‘చేయని’కీ, ‘సరైనది’కీ ‘సరికానిది’కీ మధ్య ఉన్నది ఒకటి రెండు అక్షరాల తేడా. ‘పై గద్యభాగం ఆధారంగా ఈ క్రింది వాటిలో...’ అని వందల బిట్లలో చదివిన కన్ను, అక్కడిదాకా వచ్చేసరికి మిగతాది తెలిసిందేలే అనుకుని ఆప్షన్ల మీదకు దూకుతుంది. అసలు మాట మాత్రం సరిగ్గా ఆ దూకిన చోటే ఉంటుంది.

ఒక ఉదాహరణను నిదానంగా చూద్దాం. ఈ కింది గద్యభాగం ఇచ్చారనుకోండి:

“కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు ఇందులోకి నీటిని తెస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి చేరుతుంది. సరస్సు మట్టం బాగా తగ్గినప్పుడు సముద్రపు ఉప్పునీరు అదే ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నే ప్రమాదం లేకపోలేదు. 1999లో ఈ సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. అంతమాత్రాన సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకోవడాన్ని నిషేధించలేదు. చెరువులు తవ్వి చేపలు పెంచడానికి మాత్రం అనుమతి లేదు.”

ప్రశ్న: పై గద్యభాగం ప్రకారం ఈ క్రింది వాటిలో సరికానిది ఏది?

1. ఉప్పునీరు సరస్సు వైపు రాదని చెప్పలేం.
2. మిగులు నీరు బయటికి పోవడానికి దారి లేకుండా లేదు.
3. సంప్రదాయ చేపల వేట నిషేధానికి గురికాలేదు.
4. చెరువులు తవ్వి చేపలు పెంచడానికి అభ్యంతరం లేదు.

ఈ ప్రశ్నలో తప్పు చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ‘సరికానిది’ని ‘సరైనది’గా చదివేయడం. అలా చదివినవారు మొదటి ఆప్షన్ దగ్గరే ఆగిపోతారు. ‘రాదని చెప్పలేం అంటే రావచ్చు అనే కదా, గద్యంలోనూ అదే ఉంది’ అని తృప్తిపడి బబుల్ నింపేస్తారు. పైగా వాళ్లకు కష్టమైన జంట వ్యతిరేకాన్ని విప్పామన్న నమ్మకం కూడా ఉంటుంది. విప్పిన మాట నిజమే, అందుకే అనుమానం రాదు.

రెండో దారి ఇంకా సూక్ష్మమైనది. ప్రశ్నను సరిగ్గానే చదివినవారు నాలుగో ఆప్షన్ దగ్గరకు వచ్చి, గద్యంలోని చివరి వాక్యంతో పోల్చుతారు. అక్కడ ‘చెరువులు తవ్వి చేపలు పెంచడానికి మాత్రం అనుమతి లేదు’, ఇక్కడ ‘చెరువులు తవ్వి చేపలు పెంచడానికి అభ్యంతరం లేదు’. మొదలు ఒకటే, చివరి ‘లేదు’ ఒకటే. చదివే వేగంలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. కానీ ‘అభ్యంతరం’ అన్న మాటలోనే ఒక కాదనడం దాగి ఉంది. దాని మీద ‘లేదు’ పడగానే అర్థం ‘పెంచుకోవచ్చు’ అయింది. గద్యం చెప్పినదానికి ఇది పూర్తి విరుద్ధం, కాబట్టి జవాబు ఇదే. ‘లేదు’, ‘కాదు’ అనేవి కళ్లకు కనిపించే వ్యతిరేకాలు. అభ్యంతరం, నిషేధం, నిరాకరణ, వైఫల్యం, కొరత, అడ్డుకోవడం, మానుకోవడం, తోసిపుచ్చడం, ‘తప్ప’, ‘మినహా’ అనేవి కనిపించని వ్యతిరేకాలు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఇవంటే ఇష్టం. ఆప్షన్ చదివేటప్పుడు చివరి క్రియ ఒక్కదాన్నే కాక, దానికి ముందున్న నామవాచకాన్ని కూడా ఆగి చూడాలి.

దీన్ని పరిష్కరించే పద్ధతి చాలా మామూలుగా కనిపిస్తుంది. తలలో ఒకేసారి జరుగుతున్న తిప్పుళ్లను విడదీసి, ఒక్కొక్కటిగా కాగితం మీదకు దించాలి. ముందు ప్రశ్నలోని ‘కానిది’ చుట్టూ గుండ్రంగా గీయండి. గీసి, కాసేపు దాన్ని మరచిపొండి. ఇప్పుడు ప్రతి ఆప్షన్‌ను మూడు నాలుగు మాటల్లో, వ్యతిరేకం లేకుండా మనసులో తిరగరాసుకోండి. పై ఉదాహరణలో మొదటిది ‘ఉప్పునీరు రావచ్చు’, రెండోది ‘బయటికి దారి ఉంది’, మూడోది ‘సంప్రదాయ వేట చేసుకోవచ్చు’, నాలుగోది ‘చెరువుల సాగు చేసుకోవచ్చు’. ఈ నాలుగింటినీ గద్యంతో పోల్చి, ఆప్షన్ పక్కనే ‘స’ అనో ‘త’ అనో రాసుకోండి. స, స, స, త అని వస్తుంది. అప్పుడు మాత్రమే గుండ్రంగా గీసిన మాట దగ్గరకు తిరిగి వెళ్లి, ఏ అక్షరం కావాలో చూడండి. ‘సరికానిది’ అడిగారు కాబట్టి ‘త’ ఉన్నది కావాలి. ప్రశ్నలోని వ్యతిరేకానికీ ఆప్షన్లలోని వ్యతిరేకానికీ మధ్య ఇప్పుడు గోడ కట్టినట్టయింది, ఒకటి ఇంకోదాన్ని తాకదు.

ఈ అక్షరాల వల్ల మరో లాభముంది. తప్పు జరిగిందేమో వాటితోనే తెలుసుకోవచ్చు. ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నకు మూడు ‘స’లు, ఒక ‘త’ రావాలి. మీకు మూడు ‘త’లు, ఒక ‘స’ వచ్చాయంటే గద్యాన్ని మళ్లీ చదవడం కన్నా ముందు ప్రశ్నను మళ్లీ చదవండి. అది బహుశా ‘సరైనది ఏది’ అని ఉంటుంది. రెండు ‘స’లు, రెండు ‘త’లు వస్తే మాత్రం ఏదో ఒక ఆప్షన్‌ను తప్పుగా విప్పారన్నమాట. అప్పుడు జంట వ్యతిరేకం ఉన్న ఆప్షన్ దగ్గరే ముందు వెతకాలి.

సమయం సంగతి కూడా చూద్దాం. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లోని సీశాట్ పేపర్‌లో 2 గంటల్లో 80 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి సగటున నిమిషంన్నర. గద్యాలు చదివే సమయం కూడా ఇందులోనే. నాలుగు అక్షరాలు రాయడానికి పట్టేది కొన్ని సెకన్లు. ఒక్కో ప్రశ్నకు 2.5 మార్కులు, తప్పు జవాబుకు అందులో మూడో వంతు కోత. తెలిసిన జవాబును తలకిందులుగా పెట్టినవారు రావలసిన 2.5 మార్కులతో పాటు ఉన్న వాటిలోంచి ఇంకో 0.83 పోగొట్టుకుంటారు. టెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి అక్కడ నష్టం తక్కువ, కానీ పొరపాటు స్వభావం అదే.

ఇక వ్యతిరేక ప్రశ్నల్లో అతి ప్రమాదకరమైన రూపం వాక్యాలిచ్చి కోడ్ అడిగేది. పై గద్యం మీదే ఇలా అడిగారనుకోండి. వాక్యం 1: కొల్లేరులోకి ఏరుల నీరు చేరుతుంది. వాక్యం 2: 1999 ప్రకటన సంప్రదాయ చేపల వేటను నిషేధించలేదు. పై వాటిలో సరికానిది లేదా సరికానివి ఏవి? ఆప్షన్లు: 1 మాత్రమే, 2 మాత్రమే, 1 మరియు 2 రెండూ, 1 కాదు 2 కాదు.

రెండు వాక్యాలూ గద్యంలో ఉన్నవే, రెండూ నిజమే. ఇక్కడే చాలామంది చేయి ‘1 మరియు 2 రెండూ’ మీదకు పోతుంది. ‘రెండూ కరెక్టే’ అన్న ఆలోచనకు ‘రెండూ’ అన్న మాట దగ్గరగా ఉంది కాబట్టి. కానీ ప్రశ్న సరికానివాటిని అడిగింది. ‘రెండూ’ అంటే ‘రెండూ తప్పు’ అని. రెండూ సరైనవైతే జవాబు ‘1 కాదు 2 కాదు’. ఆ ఆప్షన్ చూడ్డానికి రెండు వాక్యాలనూ కొట్టిపారేస్తున్నట్టు ఉంటుంది, నిజానికి రెండింటినీ ఒప్పుకుంటోంది.

ఇలాంటి చోట ‘తప్పుల జాబితా’ అని ఒకటి ఊహించుకోవడం మేలు. ప్రశ్న అడిగేది ఆ జాబితాలో ఏమున్నాయని. 1 తప్పా? కాదు, జాబితాలో రాయలేదు. 2 తప్పా? కాదు, రాయలేదు. జాబితా ఖాళీగా ఉంది. ఖాళీ జాబితాను చెప్పే ఆప్షన్ నాలుగోది. ‘కాదు’ల మీద ‘కాదు’లు పేర్చి ఆలోచించే పని ఇక ఉండదు. మూడు వాక్యాలున్న ప్రశ్నలో ఈ పద్ధతి విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంతవరకు ‘రెండు వ్యతిరేకాలు కలిస్తే ఒక అవును’ అన్న లెక్కతోనే నడిచాం. ఆ లెక్క గణితంలో ఎప్పుడూ నిలబడుతుంది, భాషలో అన్నిసార్లూ నిలబడదు. గట్టిగా చదివే అభ్యర్థులు కూడా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగుదాం.

గద్యంలో ‘ప్రమాదం లేకపోలేదు’ అని ఉంది. దీన్ని విప్పితే ‘ప్రమాదం కొంత ఉంది’ అని వస్తుంది. ‘ప్రమాదం తీవ్రంగా ఉంది’ అని రాదు, ‘ఉప్పునీరు తప్పక వస్తుంది’ అని అసలే రాదు. తెలుగులో ‘లేకపోలేదు’, ‘కాకపోలేదు’ అనేవి ఆచితూచి ఒప్పుకునే మాటలు. ‘ఉప్పునీరు ఏటా సరస్సులోకి వస్తుంది’ అన్న ఆప్షన్ ఇస్తే, లేదు లేదు కలిసి ‘ఉంది’ అయింది కదా అని దాన్ని సరైనదిగా గుర్తించకూడదు. జంట వ్యతిరేకాన్ని విప్పి రాసుకునేటప్పుడు ‘కొంత’, ‘వచ్చు’ అన్న మాటలు వదలకుండా రాసుకోవాలి.

వైఖరిని చెప్పే క్రియల దగ్గర లెక్క మరీ తప్పుతుంది. ‘రచయిత అభయారణ్య నిర్ణయాన్ని వ్యతిరేకించలేదు’ అంటే ‘సమర్థించాడు’ అని కాదు. ఏమీ అనకుండా ఊరుకుని ఉండవచ్చు. మన గద్యంలో జరిగింది అదే, రచయిత నిర్ణయం గురించి చెప్పాడే గానీ మంచిచెడ్డలు తేల్చలేదు. ‘నిషేధించలేదు’ అంటే ‘ప్రోత్సహించింది’ కాదు. ‘అసంతృప్తి లేదు’ అంటే ‘సంతృప్తి ఉంది’ కాదు. ఉండటం, లేకపోవడం అనే రెండే స్థితులున్న చోట రెండు వ్యతిరేకాలు రద్దవుతాయి. సరస్సు నుంచి నీరు పోవడానికి దారి ఉంటుంది లేదా ఉండదు, మధ్యలో మరోటి లేదు. నడుమ మూడో స్థితికి చోటున్నప్పుడు మాత్రం రద్దు కావు. ఆప్షన్ విప్పే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇక్కడ మూడో స్థితి ఉండగలదా?

‘అన్నీ’, ‘ఏదీ’ అన్న మాటలు వ్యతిరేకంతో కలిసినప్పుడు కూడా ఇలాగే ఆగాలి. ‘ఏ ఏరూ ఎండిపోలేదు’ అంటే ఒక్కటీ ఎండలేదని. ‘అన్ని ఏరులూ ఎండిపోలేదు’ అంటే మామూలుగా కొన్ని ఎండాయి, కొన్ని ఎండలేదు అని. గద్యంలో రెండోది ఉంటే ఆప్షన్‌లో మొదటిది పెట్టడం ప్రశ్నపత్రాల్లో పాత అలవాటు. ‘కాకుండా’ దగ్గర మరో జాగ్రత్త. ‘చేపలే కాకుండా రొయ్యలు కూడా’ అంటే రెండూ ఉన్నాయి. ‘చేపలు కాకుండా రొయ్యలు’ అంటే చేపలు లేవు. ‘ఏ’, ‘కూడా’ ఉన్నాయో లేదో చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇంకొక ప్రశ్న రూపం ఉంది. ‘గద్యంలో పేర్కొననిది ఏది?’ అన్నది ‘గద్యం ప్రకారం సరికానిది ఏది?’ అన్నదానికి మారుపేరు కాదు. కొల్లేరు 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. అది వాస్తవం. కానీ పై గద్యంలో లేదు. ‘పేర్కొననిది’ అని అడిగితే అదే జవాబు. ‘సరికానిది’ అని అడిగితే అది జవాబు కాకూడదు, ఎందుకంటే గద్యం దాన్ని కాదనలేదు. అందుకని ఆప్షన్ల పక్కన ‘స’, ‘త’లతో పాటు గద్యం ఊసెత్తని వాటికి ‘ఊ’ అని మూడో గుర్తు పెట్టుకోవడం మంచిది. బయట చదివిన జ్ఞానం ఎక్కువ ఉన్నవారికి ఈ మూడో గుర్తు అవసరం ఇంకా ఎక్కువ. తెలిసిన విషయం కనబడగానే అది గద్యంలోనే చదివినట్టు అనిపిస్తుంది.

రెండు భాషల్లో ప్రశ్నపత్రం ఇచ్చే పరీక్షల్లో ఇంకో సౌకర్యం చేతికందుతుంది. తెలుగు ఆప్షన్ మెలికలు తిరిగి ఉంటే ఇంగ్లీషు పాఠాన్ని ఒకసారి చూడండి. అనువాదంలో ఒక్క ‘కాని’ జారిపోయినా అర్థం తిరగబడుతుంది. రెండు పాఠాలూ విభేదిస్తే దేన్ని ప్రామాణికంగా తీసుకుంటారో ప్రశ్నపత్రం మొదటి పేజీలోని సూచనల్లో ఉందేమో ముందే చూసుకోవాలి.

వ్యతిరేకం ఎప్పుడూ కష్టమే అనుకోనక్కర్లేదు. వాసనే 1965లో ఇంకో ప్రయోగం ప్రచురించాడు. ఎనిమిది వృత్తాల్లో ఏడు ఒక రంగువి, ఒకటి వేరే రంగుది. ఆ వేరుగా ఉన్నదాన్ని గురించి ‘ఇది మిగతావాటి రంగు కాదు’ అని చెప్పినప్పుడు జనం తేలికగా అందుకున్నారు. మిగతా ఏడింటిలో ఒకదాని గురించి ‘ఇది ఆ వేరే రంగు కాదు’ అంటే తడబడ్డారు. ఎదుటివాడు ఒకటి అనుకునే అవకాశం ఉన్నచోట దాన్ని కాదనడం సహజంగా ఉంటుంది. రోజువారీ మాటల్లో మనం ‘కాదు’, ‘లేదు’లను అవలీలగా వాడేది అందుకే. పరీక్షలోని ఆప్షన్‌కు అలాంటి సందర్భం ఉండదు. ఎవరూ అనుకోనిదాన్ని అది కాదంటుంది. అందువల్లే ఆ వ్యతిరేకం అంత బరువుగా తోస్తుంది.

ప్రశ్నలు రాసేవారికి ఈ విషయాలు కొత్త కావు. అమెరికాలో థామస్ హలడైనా, స్టీవెన్ డౌనింగ్, మైఖేల్ రోడ్రిగెజ్ 2002లో బహుళైచ్ఛిక ప్రశ్నల రచనకు 31 మార్గదర్శకాలను సమీక్షించి ప్రచురించారు. ప్రశ్నను వీలైనంత వరకు వ్యతిరేకం లేకుండా రాయాలని, తప్పనిసరైతే ఆ మాట కొట్టొచ్చినట్టు కనబడేలా అచ్చువేయాలని, ఆప్షన్లలో వ్యతిరేకాలు వాడవద్దని అందులో ఉంది. మన తెలుగు ప్రశ్నపత్రాల్లో చాలా వాటిలో ‘సరికానిది’ ఇప్పటికీ పక్క మాటలతో ఒకే అచ్చులో కలిసిపోయి ఉంటుంది. పఠనావగాహన పరీక్ష ఉన్నది గద్యం అర్థమైందో లేదో తెలుసుకోవడానికి. అభ్యర్థి ఎన్ని ‘కాదు’లను తలలో మోయగలడో కొలవడానికి కాదు. ప్రశ్నపత్రాలు కూర్చే ఉపాధ్యాయులు, కోచింగ్ కేంద్రాల్లో మాక్ టెస్టులు తయారుచేసేవారు కనీసం ఆ ఒక్క మాటనైనా బొద్దు అక్షరాల్లో వేయాలి. ప్రశ్నలో వ్యతిరేకం పెట్టినప్పుడు ఆప్షన్లనైనా సూటిగా రాయాలి.